"నాన్నా, నీక్కూడా భయమేస్తుందా?" ఆరేళ్ల పిల్లలతో పడుకునే ముందు మాట్లాడటం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు, రొయ్యల గుంటలు చేసుకునే ఇల్లు. మా చిన్నోడు ఒకటో తరగతి. వాడికి భయం గురించి ఎలా చెప్పానో విన్న బంధువులు, బడి దగ్గర కలిసే తల్లిదండ్రులు ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే జవాబులన్నీ ఒకచోట రాస్తే మంచిదనిపించింది.

పగలంతా గంతులేసే పిల్లలు సరిగ్గా పడుకోబోయేటప్పుడే ఎందుకు భయపడతారు?

పగలు వాళ్ల బుర్రకు పని ఉంటుంది. ఆట, బడి, టీవీ, తిండి, కొట్లాట. రాత్రి లైటు ఆర్పగానే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, చుట్టూ ఏముందో కనిపించదు, పగలు పట్టించుకోని చిన్న చప్పుళ్లు కూడా పెద్దగా వినిపిస్తాయి. కళ్లకు ఏమీ దొరకనప్పుడు ఆ ఖాళీని ఊహ నింపేస్తుంది, ఆరేళ్ల వయసులో ఊహకు ఉన్నంత బలం ఇంకెప్పుడూ ఉండదేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి కూడా ఉంది. రెండు మూడేళ్లప్పుడు పెద్ద శబ్దాలకీ కొత్త మనుషులకీ భయపడతారు, నాలుగైదేళ్లకు దయ్యాలు, చీకటి. ఆరేళ్లు వచ్చేసరికి నిజమైన భయాలు కూడా మొదలవుతాయి: వరద వస్తే? దొంగలొస్తే? అమ్మ చచ్చిపోతే? దయ్యాలు ఇంకా పూర్తిగా పోలేదు, ఈలోపు నిజమైన ప్రమాదాలు తెలుస్తున్నాయి. రెండూ కలిసే వయసు ఇది. అందుకే "మొన్నటిదాకా బాగానే పడుకునేవాడు, ఇప్పుడేందో కొత్తగా" అని చాలామంది అంటుంటారు. పిల్లాడు వెనక్కి పోలేదు, వాడి బుర్ర ఎదిగింది.

"ఏం లేదు, కళ్లు మూసుకుని పడుకో" అంటే తప్పేంటి?

మనం ఆ మాట ప్రేమతోనే అంటాం. కానీ పిల్లాడి వైపు నుంచి చూడండి. వాడి గుండె దడదడా కొట్టుకుంటోంది, కడుపులో ఏదోలా ఉంది, చేతులు చల్లబడ్డాయి. ఇవన్నీ వాడికి నిజంగా తెలుస్తున్నాయి. అప్పుడు నాన్న వచ్చి "ఏం లేదు" అన్నాడు. వాడికి మిగిలేవి రెండే: నాన్నకు అర్థం కాలేదు, లేకపోతే నాలోనే ఏదో తేడా ఉంది. రెండో ఆలోచన మరీ చెడ్డది, ఎందుకంటే అది అనుకున్న పిల్లలు మళ్లీ చెప్పరు.

అందుకే "అందరికీ భయమేస్తుంది" అన్న మాట ముందు చెప్పాలి. అది వినగానే భయం పోదు, ఆ సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. పోయేది ఒంటరితనం. అది పోతేనే మిగతా మాటలు చెవికెక్కుతాయి.

సరే, ఆ సంభాషణ ఎలా సాగాలి? మాటలతో సహా చెప్పండి.

మా ఇంట్లో జరిగిందే రాస్తాను. గాలి గట్టిగా ఉన్న రాత్రి, అందరం పడుకున్నాం.

"నాన్నా, దొడ్లో ఎవరో నడుస్తున్నారు."

"భయమేసిందా?"

మాట్లాడలేదు. తల ఊపాడు.

"ఒంట్లో యాడుంది భయం? చూపించు."

చెయ్యి తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఈడ. కొట్టుకుంటోంది. కడుపులో కూడా."

"పోర్టులో తుఫాను నంబరు ఎగరేస్తారు కదా, అట్లా నీ భయానికి ఇప్పుడు ఎంత నంబరు ఎగరేయొచ్చు? పది అంటే అన్నిటికన్నా పెద్దది."

కాసేపు ఆలోచించి, "ఏడు."

"ఏడంటే చాలా ఎక్కువే."

ఇక్కడ ఆగాను. "ఏడేంది, అంత లేదులే" అననందుకే వాడు తర్వాతి ప్రశ్న అడిగాడనుకుంటున్నాను.

"నాన్నా, నీక్కూడా భయమేస్తుందా?"

"వేస్తుంది. మొన్న రాత్రి నేను గుంట కాడ ఉన్నప్పుడు కరెంటు పోయింది. ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. అవి తిరక్కపోతే నీళ్లలో గాలి తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి. నా గుండె కూడా నీ గుండెలాగే కొట్టుకుంది."

"ఏడ్చావా?"

"ఏడవలేదు. చేతులు వణికాయి."

"అప్పుడేం చేశావ్?"

"టార్చి తీసుకుని పరిగెత్తి జనరేటర్ వేశా. గుండె అంత గట్టిగా కొట్టుకోబట్టే అంత జోరుగా పరిగెత్తగలిగా."

ఆ తర్వాత వరసగా అందరి గురించీ అడిగాడు. అమ్మకు? నీకు జ్వరం ఎక్కువైతే భయమేస్తుంది. అవ్వకు? గాలి హోరుమంటే. మీ టీచర్‌కి? వేస్తుంది, దేనికో రేపు నువ్వే అడుగు. పోలీసులకు? వాళ్లకూ వేస్తుంది. వేసినా వాళ్ల పని వాళ్లు చేస్తారు.

"మరి ఎవరూ చెప్పరే?"

"పెద్దోళ్లకు చెప్పుకునే అలవాటు తక్కువ. నువ్వు చెప్పావు, అది మంచిది."

చివరికి నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే అడిగాడు. "దొడ్లో ఎవరూ లేకపోతే నాకెందుకు భయమేసింది?"

"పోర్టులో నంబరు ఎగరేసిన ప్రతిసారీ తుఫాను మనూరికే వచ్చిందా?"

"రాలేదు. బడికి సెలవిచ్చారు, ఎండ కాసింది."

"అట్లని హెచ్చరిక ఇచ్చినోళ్లు అబద్ధం చెప్పలేదు. వస్తే కష్టం కాబట్టి ముందే చెప్తారు. నీ బుర్రలో కూడా అలాంటి ఆఫీసు ఒకటుంది. చప్పుడు వినగానే, అదేందో చూడకముందే నంబరు ఎగరేస్తుంది. తర్వాత మనం నిదానంగా చూసుకోవాలి. చూద్దామా?"

కిటికీలోంచి టార్చి వేశాం. బాత్‌రూమ్ మీద సిమెంటు రేకు, దాని మీదికి వాలిన కొబ్బరి మట్ట. గాలి వచ్చినప్పుడల్లా ఆకుల కొసలు రేకు మీద గీరుకుంటూ పోతున్నాయి, సరిగ్గా ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టే ఉంది. వాడే మట్టకూ చప్పుడుకూ లంకె పట్టుకున్నాడు: "గాలి ఆగితే ఆగిపోతోంది."

"ఇప్పుడు నంబరెంత?"

"నాలుగు."

"నాలుగుతో నిద్ర పడుతుందా?"

"పడుతుందేమో."

అక్కడితో ఆపేశాను. సున్నా అయ్యేదాకా కూర్చోబెట్టి మాట్లాడలేదు. నాలుగుతో కూడా నిద్రపోవచ్చని వాడికి ఆ రాత్రి తెలిసింది, నా లెక్కలో అది సున్నా కన్నా పనికొచ్చే సంగతి.

నంబరు అడగడం వల్ల ఒరిగేదేంటి?

భయాన్ని నంబరుతో చెప్పించడం పిల్లల మానసిక నిపుణులు వాడే పద్ధతే, నేను దాన్ని మా ఊరి మాటలోకి తెచ్చుకున్నానంతే. భయంలో మునిగి ఉన్న పిల్లాడికి అది ఎప్పటికీ ఇలాగే ఉంటుందనిపిస్తుంది. ఏడు కాస్తా అయిదు అయిందని తన నోటితోనే చెప్పినప్పుడు, భయం ఎక్కినట్టే దిగుతుందని వాడికి ఒక రుజువు దొరుకుతుంది. మనకూ ఉపయోగమే. మూడంటే మాట చాలు, తొమ్మిదంటే ఇప్పుడు వివరణలు వద్దు, ముందు దగ్గరికి తీసుకోవాలి.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నంబరు తగ్గలేదని మొహం ముడుచుకుంటే పిల్లలు మన కోసం తక్కువ చెప్పడం మొదలుపెడతారు. ఇక ఆ నంబరు దేనికీ పనికిరాదు.

ఒంట్లో ఏం జరుగుతుందో ఆరేళ్ల పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

ముందు మీకోసం. మెదడు లోపల, రెండు కణతల వైపూ బాదంపప్పంత భాగం ఒక్కొక్కటి ఉంటుంది, అమిగ్డలా అంటారు. ప్రమాదం లాంటిది ఏది తగిలినా, ఆలోచించే భాగం తేల్చుకునేలోపే ఇది హెచ్చరిక పంపేస్తుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం, ఊపిరి వేగం పెరుగుతాయి, రక్తం కాళ్లూ చేతుల కండరాలకు ఎక్కువగా వెళ్తుంది, అరుగుదల పని తగ్గిపోతుంది. కడుపులో తిప్పినట్టు ఉండేది అందుకే. నోరు ఎండిపోయేదీ అందుకే.

పిల్లలకు ఈ పేర్లేవీ అక్కర్లేదు. వాడు ఒంట్లో ఎక్కడ చూపించాడో దాని పని ఒక్కటే చెప్పండి. గుండె అంటే, "పరిగెత్తాల్సి వస్తే కాళ్లకు రక్తం పంపుతోంది." కడుపు అంటే, "ఇప్పుడు అన్నం అరిగించే పని కాసేపు పక్కన పెట్టింది." "నాకేదో అవుతోంది" అనుకునే పిల్లాడికి "నా ఒళ్లు పని చేస్తోంది" అని తెలిస్తే చాలా తేడా ఉంటుంది.

ఒకసారి మొదలైన ఈ హడావుడి సద్దుమణగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మట్ట కనిపించాక కూడా మా వాడి గుండె వెంటనే నెమ్మదించలేదు. "చూశావు కదా, ఇంకేంది భయం?" అని ఆ నిమిషంలో అనకూడదు. బుర్రకు తెలిసినా ఒంటికి ఇంకా తెలియలేదు.

తొందరగా నెమ్మదించాలంటే ఊపిరి వదలడం మీద పెట్టండి దృష్టి. పీల్చే దానికన్నా వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ముక్కుతో పీలుస్తూ మనసులో మూడు లెక్కపెట్టాలి, నోటితో వదులుతూ అయిదు. అయిదారు సార్లు చాలు. నా పొట్ట మీద వాడి చెయ్యి పెట్టించి నేను చేస్తాను, చెయ్యి పైకీ కిందికీ కదలడం చూసి వాడూ కలుస్తాడు. ఇది పగలు, బాగున్నప్పుడు నేర్పాలి. భయంతో వణుకుతున్న పిల్లాడికి కొత్తగా నేర్పబోతే విసుక్కుంటాడు.

నా భయాలు పిల్లలకు చెప్తే వాళ్లు ఇంకా భయపడరా?

ఏ భయం చెప్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను చెప్పిన కరెంటు సంగతి చూడండి: చిన్నది, అయిపోయింది, నేనేం చేశానో అందులో ఉంది. ఈ మూడూ ఉంటే చెప్పొచ్చు. రొయ్యల రేటు పడిపోతే అప్పు ఎలా తీర్చాలన్న భయం కూడా నాకుంది. అది వాడికి చెప్పను, ఎందుకంటే ఇంకా తేలలేదు, వాడు చేయగలిగిందీ లేదు, ఆ బరువు మోస్తూ పడుకుంటాడు. ఆసుపత్రి రిపోర్టు కోసం ఎదురుచూడటం, ఇంట్లో గొడవలు, అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. వాటి గురించి పిల్లలు అడిగితే "నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది, అది పెద్దోళ్ల పని, మేం చూసుకుంటున్నాం" అనండి. ఏమీ లేదని మాత్రం అనొద్దు. మన మొహం చదవడం వాళ్లకు బాగా వచ్చు.

నాన్నే చెప్పాలా అమ్మ చెప్పాలా అని కూడా అడుగుతుంటారు. ఎవరైనా సరే. కానీ మగపిల్లాడున్న ఇంట్లో నాన్న ఒక్కసారైనా చెప్పాలని నా గట్టి అభిప్రాయం. "మగపిల్లోడివి, భయమేంది?" అనే మాట వాడు బడిలో, వీధిలో, పెళ్లిళ్లలో ఎటూ వింటాడు. చేతులు వణికాయని నాన్న నోటి నుంచి విన్నవాడి మీద ఆ మాట అంతగా పనిచేయదు.

నిజంగానే తుఫాను వస్తోంది, అప్పుడు ఏం చెప్పాలి?

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇది ప్రతి ఏడాదీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వచ్చే ప్రశ్నే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు వైపు ఎంత వాన కురిసిందో అందరికీ గుర్తే. అలాంటి రాత్రి "ఏమీ కాదు" అని మాటివ్వకండి. తెల్లారేసరికి కొబ్బరిచెట్టు పడి ఉంటే మీ మాట మీద వాడికి నమ్మకం పోతుంది.

బదులుగా మనం ఏం చేసి పెట్టుకున్నామో చెప్పండి. టార్చి ఇక్కడుంది, తాగే నీళ్లు పట్టాం, కాగితాలు కవర్లో పెట్టాం, నీళ్లొస్తే ఫలానా బడికి పోతాం, అందరం కలిసే పోతాం. వాడికీ ఒక పని ఇవ్వండి, టార్చి వాడి తలగడ పక్కన పెట్టడం లాంటిది. చేతిలో పని ఉన్న భయం వేరుగా ఉంటుంది.

టీవీ మాత్రం ఆపేయండి. కూలిన ఇంటి దృశ్యాన్ని పదిసార్లు చూపిస్తే మనకు అది ఒకే ఇల్లని తెలుసు, పిల్లలు పది ఇళ్లు కూలాయనుకుంటారు.

పెద్దవాళ్ల జ్ఞాపకాల సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెద్ద తుఫాను చూసింది. ఆ కథ చెప్పొద్దని నేనెప్పుడూ అనలేదు, అది మా ఇంటి చరిత్ర. "పగలు చెప్పమ్మా, ఎట్లా బయటపడ్డారో అక్కడిదాకా చెప్పు" అని మాత్రం అడిగాను. సగంలో నిద్రపోయిన కథ పిల్లల తలలో వరద దగ్గరే ఆగిపోతుంది.

అవ్వలూ తాతలూ "బూచోడొస్తాడు, పడుకో" అంటుంటే?

అన్నం తినకపోయినా, పడుకోకపోయినా బూచోడే. ఆ మాటకు పిల్లలు నోరు మూసుకుంటారు, నిద్ర మాత్రం పోరు. అలికిడి చెయ్యకుండా మేలుకుని ఉంటారు. పైగా చీకట్లో ఎవరూ లేరని మనం, ఉన్నాడని అవ్వ చెప్తే వాడు ఉన్నాడనే వైపే మొగ్గుతాడు.

పెద్దవాళ్లతో పిల్లల ముందు వాదించకండి. విడిగా కూర్చుని, "వాడు రాత్రిళ్లు ఉలిక్కిపడుతున్నాడమ్మా, నీ మాటంటే వాడికి గురి, ఇంకేదైనా చెప్పి పడుకోబెట్టు" అంటే ఎక్కువమంది వింటారు. పిల్లాడు అడిగితే సూటిగా చెప్పండి: బూచోడు లేడు, పడుకోబెట్టడానికి చెప్పే మాట అది. రోజూ మంచం కింద టార్చి వేసి వెతికి చూపించే అలవాటు మాత్రం చేయొద్దు. చప్పుడు ఏదో తెలుసుకోవడానికి ఒకసారి చూడటం వేరు. లేనివాడి కోసం రోజూ వెతికితే, ఉండే అవకాశం ఉందని మనమే ఒప్పుకున్నట్టు.

పక్కన ఎవరో ఒకరు లేనిదే కదలడు. ఎలా మాన్పించాలి?

పక్కన పడుకోవడం గురించైతే కంగారు పడొద్దు, మన ఇళ్లలో అందరం ఒకే గదిలో పడుకుంటాం, అది జబ్బు కాదు. చిన్న లైటు ఉంచినా ఇబ్బంది లేదు. భయం వల్ల చేయాల్సిన పని ఆగిపోతేనే చూసుకోవాలి. మా వాడు రాత్రి దొడ్లో బాత్‌రూమ్‌కి ఒంటరిగా పోయేవాడు కాదు, మేం లేవకపోతే ఆపుకునేవాడు. అలా ఆపుకోవడం మంచిది కాదు.

ముందు నేను లోపలిదాకా వెళ్లేవాడిని. తర్వాత బాత్‌రూమ్ తలుపు బయట నిలబడ్డాను, కనిపిస్తూ. వాడి నంబరు మూడుకు దిగాక వంటింటి గడప దగ్గరికి వచ్చాను, అక్కడి నుంచి మాట వినిపిస్తుంది. చివరికి నేను మంచం మీదే కూర్చుంటే, వాడు టార్చి తీసుకుని వెళ్లొచ్చేవాడు. ఒక్కో మెట్టు మీద కొన్ని రాత్రులు ఉండాలి. నంబరు ఆరు దాటితే మెట్టు మరీ పెద్దదైందని అర్థం, సగానికి తగ్గించాలి. మధ్యలో వాడికి జలుబు చేసినప్పుడు మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాం, అది మామూలే.

"ఇక్కడే ఉంటా" అని చెప్పి, వాడు చూడనప్పుడు జారుకోవడం మాత్రం వద్దు. ఆ ఒక్క పనితో నెల కష్టం పోతుంది.

చెప్పిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే?

"దొడ్లో ఎవరూ లేరు కదా?" అని మూడోసారి అడిగినప్పుడు వాడికి సమాచారం అక్కర్లేదు. మన "లేరు" అనే మాట వింటే అయిదు నిమిషాలు హాయిగా ఉంటుంది, మళ్లీ కావాలనిపిస్తుంది. రెండుసార్లు చెప్పండి. మూడోసారి "నువ్వే చూశావు కదా, ఏం కనిపించింది?" అని వాడి చేతే చెప్పించండి. కసురుకోకుండా.

నిద్రలో కేకలు వేస్తున్నాడు, ఇదీ భయమేనా?

రెండు రకాలుంటాయి. తెల్లవారుజాముకు దగ్గర్లో లేచి, ఏడుస్తూ కల చెప్పి, మిమ్మల్ని పట్టుకుంటే అది పీడకల. దగ్గరికి తీసుకుని మాట్లాడొచ్చు. పడుకున్న గంట రెండు గంటల్లో కళ్లు తెరిచే ఉండి అరుస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున్నే ఏమీ గుర్తులేదంటే అది వేరు, అప్పుడు వాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపొద్దు, ప్రశ్నలొద్దు, దెబ్బ తగలకుండా చూస్తూ కూర్చోండి. నిద్ర చాలకపోయినా, జ్వరం ఉన్నా ఇది ఎక్కువవుతుంది. ఆరేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

నాలుగు వారాలు దాటినా తగ్గకుండా, బడికి పోనని మొండికేస్తున్నా, పొద్దున్నే కడుపునొప్పి, సెలవు రోజు మాత్రం ఉండకపోవడం లాంటివి కనిపించినా, పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ మొదలుపెట్టినా ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకొకటి. భయం చీకటి మీదో గాలి మీదో కాకుండా ఒక మనిషి మీద, ఒక ఇంటి మీద, ఒక ట్యూషన్ మీద ఉంటే ఈ పేజీలో రాసిన మెట్లూ నంబర్లూ పక్కన పెట్టేయండి. అలాంటి భయాన్ని అలవాటు చేయించకూడదు. "ఆయన దగ్గరికి పోను" అంటే పంపకండి, తిట్టకుండా ఏమైందో వినండి, అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయండి. ఆ నంబరు పిల్లల కోసమే, రాత్రి కూడా ఎత్తుతారు.